మొదటి భాగం చదవని మనిషి

స్టెల్లాకు యాభై నాలుగేళ్లు. తిరుపతిలో కొర్లగుంట వెనక సందులో ఉన్న జయచంద్ర అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ.

ఆమెకు ఒక నియమం ఉంది. ఒక నవల రెండు భాగాలుగా వస్తుందని తెలిస్తే మొదటి భాగాన్ని ముట్టుకోదు. దాని ప్రూఫులు లోహిత చూస్తుంది. లోహిత అక్కడే కంప్యూటరు మీద కంపోజు చేసే అమ్మాయి. మొదటి భాగం గురించి స్టెల్లా ముందు ఎవరైనా మాట ఎత్తితే ఆమె లేచి వరండాలోకి వెళ్తుంది. కొత్తవాళ్లు కోపం వచ్చిందనుకుంటారు. కోపం కాదు. పని.

రెండో భాగం వచ్చినప్పుడు అది మొదట ఆమె చేతికే వెళ్తుంది. పుస్తకాల అంగట్లో రెండో భాగం ఒక్కటే దొరికిన మనిషి ఎలా చదువుతాడో అలా చదువుతుంది. చదివి, అది ఒంటరిగా నిలబడుతుందో లేదో చెబుతుంది.

ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. పదిహేనేళ్ల కిందట జయచంద్ర ఒక నవల రెండో భాగం వేశాడు. అద్దె గ్రంథాలయాల నుంచి కొన్ని ప్రతులు తిరిగి వచ్చాయి. దుమ్ము దులుపుతూ స్టెల్లా ఒకటి గమనించింది. పేజీ మడిచిన గుర్తులన్నీ ముప్పైకీ నలభైకీ మధ్యే ఉన్నాయి. అంతకు ముందు పేజీల అంచులు నలిగి ఉన్నాయి. ఆ తర్వాతవి తెల్లగా ఉన్నాయి. ముప్పై రెండో పేజీలో ఒక పెళ్లి. పెళ్లికొడుకు ఎవరో మొదటి భాగం చదివినవాళ్లకే తెలుసు.

ఆ రోజు నుంచి నియమం మొదలైంది.

వెంకటముని మార్చిలో వచ్చాడు. పూతలపట్టు పక్క పల్లె. అరవై ఆరేళ్లు. వేరుశనగ, నాలుగు మామిడి చెట్లు. నలభై ఏళ్లు భారతం వీధినాటకాల్లో వేషం కట్టాడు. ఆయన మొదటి నవల ఐదేళ్ల కిందట జయచంద్రే వేశాడు. ఇప్పుడు రెండోది తెచ్చాడు. రెండు వందల పన్నెండు పేజీలు, గోగునార తాడుతో కట్టిన కట్ట.

జయచంద్ర కట్టను చేత్తో తూచినట్టు పట్టుకున్నాడు.

"మొదటిది నాలుగొందలు వేసినాం. అన్నీ పోయినాయి. ఇది వెయ్యి వెయ్యాల. అంటే ఆరొందల మంది మొదటిది సదవనోళ్లే. వాళ్లకు అర్థమైతేనే వేస్తా వెంకటమునీ. కాదంటే ల్యా."

"ఎవురు సెప్పాల అర్థమైందని?"

"ఆమె." జయచంద్ర కిటికీ వైపు చూపించాడు.

వెంకటముని స్టెల్లా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇది పదకొండేండ్ల పని. మొదటిది నువ్వు సదివింటావు గదా."

"ల్యాన్నా. సదవను."

"సదవకుండా ఇదెట్ల తెలుస్తాది?"

"అదే తెలియాల."

ఆయనకు అర్థం కాలేదు. కట్టను బల్ల మీద పెట్టి, తాడు విప్పకుండానే వెళ్లిపోయాడు. బస్సెక్కే ముందు మళ్లీ వచ్చాడు. తాడు విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. వేరే కట్టకు పనికొస్తుందన్నాడు.

స్టెల్లా ఒక తెల్ల కాగితం తీసుకుంటుంది. చదువుతూ తనకు తెలియనిది ఎదురైతే పేజీ సంఖ్య వేసి ప్రశ్న రాస్తుంది. జవాబు దొరికితే కొట్టేస్తుంది. ఎన్ని పేజీల తర్వాత దొరికిందో పక్కన వేస్తుంది. ఆగి ఆలోచించదు. మామూలు పాఠకుడు ఆగడు కదా.

ప్రశ్నలు రెండు రకాలు. ఒక ప్రశ్న పుట్టగానే చెయ్యి తర్వాతి పేజీ కోసం వెళ్తే అది ఆసక్తి. రచయిత కావాలని దాచాడు. దాన్ని ముట్టుకోకూడదు. చెయ్యి వెనక్కి వెళ్లి, ఎక్కడో చెప్పి ఉంటాడు నేనే మరిచిపోయానేమో అని తిప్పితే, అది లోపం. తప్పు తనదేనని పాఠకుడు అనుకుంటాడు. రెండుసార్లు అలా అనుకున్నాక పేజీ మడుస్తాడు. మళ్లీ తెరవడు.

వెంకటముని నవల 'జరిగిన కథ' అనే శీర్షికతో మొదలైంది. పద్నాలుగు పేజీలు. వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగినవాడు, అలాగే రాశాడు. అందులో ముప్పై ఆరు పేర్లున్నాయి. స్టెల్లా అన్నీ ఓపికగా చదివింది. పదిహేనో పేజీకి వచ్చేసరికి ఆమె మనసులో నాలుగు పేర్లే మిగిలాయి.

ఆ నాలుగూ ఇవి. మునస్వామి, ఒకప్పుడు అర్జున వేషధారి. అతని తమ్ముడు యోగానంద. వాళ్ల తల్లి చంద్రకాంతమ్మ. మునస్వామి కూతురు మహిత. భారతంలో ఆయుధం కోసం అర్జునుడు తపస్సు మాను అనే ఎత్తైన మెట్ల స్తంభం ఎక్కే రోజు మాను మెట్లు సరిచూడాల్సిన పని యోగానందది. అతను చూడలేదు. మెట్టు ఊడింది. మునస్వామి పడ్డాడు. కాలు పోయింది. పన్నెండేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఇదీ మొదటి భాగం ముగింపు. రెండో భాగంలో మహిత తానే అర్జున వేషం కట్టి మాను ఎక్కుతానంటుంది.

కథ మంచిదే. కానీ స్టెల్లా కాగితం నిండింది.

ఇరవై రెండో పేజీలో 'అర్జునుడు మంచం పట్టి మూడు దినాలైంది' అని ఉంది. ఇరవై మూడో పేజీలో 'అర్జునుడు సైకిలు మీద వచ్చాడు' అని ఉంది. స్టెల్లా వెనక్కి తిప్పింది. మళ్లీ చదివింది. నాటక బృందంలో మనిషిని వేషం పేరుతోనే పిలుస్తారు. మొదటి భాగంలో అర్జునుడు మునస్వామి. ఇప్పుడు ఆ వేషం ఇంకొకడు కడుతున్నాడు. ముసలివాళ్లు ఇప్పటికీ మునస్వామినే అర్జునుడంటారు. కుర్రవాళ్లు రెండోవాణ్ణి అంటారు. వెంకటముని చెవికి ఇద్దరూ వేరు. కాగితం మీద ఒక్కడే.

మరో సంగతి. ప్రతి మనిషీ కథలోకి వస్తూనే ఒక పేజీ తన వంశం, తన గుణం చెప్పుకున్నాడు. వీధినాటకంలో తెర పట్టుకుని వేషం చెప్పినట్టు. ఆ పేజీ అయ్యాక ఆ మనిషి ఎంత గొప్పవాడో తెలిసింది. అతనికి ఏం జరిగిందో తెలియలేదు.

నూట తొంభై ఎనిమిదో పేజీలో మహిత మాను ఎక్కే రోజు వస్తుంది. తెల్లవారుతుంది. ఎవరూ పిలవకుండానే యోగానంద వస్తాడు. ఒక్కొక్క మెట్టునూ చేతికర్రతో తట్టి చూస్తాడు. చివరి మెట్టు దాకా తట్టి, దిగి, అన్న వైపు చూడకుండా వెళ్లిపోతాడు.

స్టెల్లా ఆ పేజీ చదివి కాసేపు కూర్చుంది. ఏమీ కలగలేదు.

లోహితను పిలిచింది. "ఈ పేజీ సదువు."

లోహిత నిలబడే చదివింది. చున్నీతో కళ్లు తుడుచుకుంది. "అక్కా, నీకు ఏడుపు రాల్యా?"

"ల్యా."

"మెట్టు సంగతి నీకు తెలుసు గదా. జరిగిన కతలో ఉండాది."

"తెలుసు. తెలిస్తే సాలదే."

కాగితం అడుగున ఒక వాక్యం రాసి కింద గీత గీసింది. 'వార్త చేరింది. నొప్పి చేరలేదు.'

వెంకటముని మళ్లీ వచ్చిన రోజు వరండాలో కూర్చున్నారు. స్టెల్లా కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన చదివాడు. మెడ ఎర్రబడింది.

"నలభై ఏండ్లు భారతం ఆడినాను తల్లీ. పద్దెనిమిది దినాలు జరుగుతాది. పదో దినం వచ్చినోడికి తొమ్మిది దినాల కత ఎవురన్నా కూసోబెట్టి సెప్తారా? అయినా వాడు సూడ్లా? ఏడ్వలా?"

"ఏడుస్తాడన్నా. వానికి భారతం పుట్టినప్పటి నుంచి తెలుసు. నీ మునస్వామి ఎవురికి తెలుసు?"

ఆయన కాగితం మళ్లీ తిప్పి చూశాడు.

"నాకు భారతం కూడా తెలీదు. మాది క్రైస్తవుల ఇల్లు. మా నాయన పోనిచ్చేవాడు కాదు. పదకొండేండ్లప్పుడు సెప్పకుండా పోయినా. తపస్సు మాను దినం. పట్టపగలు. జనం ఇసకేస్తే రాలనట్టు ఉండారు. అందరూ పైకి సూసి దండం పెడతా ఉండారు. నాకేం తెలీదు. పక్కన ఒకామె నన్ను సూసింది. ఏం సెప్పిందో తెలుసా?"

"ఏం సెప్పింది?"

"'మాను మీదుండేది మొగుడు. ఆడ జుట్టు ఇరబోసుకోనుండేది పెండ్లాం. ఆ జుట్టు పట్టుకోని నిండు సభలోకి ఈడ్సినారు. అందుకే ఆయన ఆయుధం కోసరం ఎక్కతా ఉండాడు. ఇంగ సూడు.' అంతే సెప్పింది. నేను ఏడ్సినా. తొమ్మిది దినాలు సెప్పలేదామె. ఆ పొద్దుకు కావాల్సింది సెప్పింది."

"నేను పద్నాలుగు పేజీలు సెప్పినా గదా!"

"ముందుగా సెప్పినావు. ఆమె మాను కింద సెప్పింది."

వెంకటముని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "అయితే ఏం జెయ్యాల? మొదటి పుస్తకం మళ్లీ రాయాల్నా ఇందులో?"

"వద్దు. లోహిత మాదిరి సదివినోళ్లు ఉండారు. వాళ్లకు విసుగొస్తాది. మొదటిది సదవనోడికి కావాల్సింది, సదివినోడికి కొత్తగా ఉండాల. అట్లాంటిది ఒకటి కావాల."

"అట్లాంటిది యాడుంటాది?"

"నీ దగ్గరే ఉంటాది. మానుమీంద నుంచి పడినోడు ఇంట్లో ఎట్ల బతకతాడన్నా? నిచ్చెన సూస్తే ఏం జేస్తాడు?"

ఆయన లేచాడు. మెట్లు దిగుతూ అన్నాడు, "నువ్వు వేషం కట్టుంటే మమ్మల్ని బతకనిచ్చేదానివి కాదు."

"అదెట్ల ఇస్తాను," అంది స్టెల్లా.

మే అంతా ఆయన రాలేదు. జూన్ రెండో వారంలో వచ్చాడు. కట్ట కొంచెం సన్నబడింది. నూట తొంభై నాలుగు పేజీలు. ఈసారి కూర్చోలేదు.

'జరిగిన కథ' లేదు. మొదటి పేజీలో మునస్వామి ఇంట్లో అటక మీదికి నిచ్చెన వేసి ఉంటుంది. మహిత చింతపండు బాన దించడానికి ఎక్కబోతుంది. మునస్వామి కుంటుకుంటూ వచ్చి, "ఆగు" అంటాడు. చేతికర్రతో ఒక్కొక్క మెట్టునూ తడతాడు. తొమ్మిది మెట్లు. ఇంట్లో అందరూ విసుక్కుంటారు. పన్నెండేళ్లుగా రోజూ ఇంతే. "ఇంగ ఎక్కు" అంటాడు. తర్వాత అధ్యాయంలో యోగానంద పక్కింటి కొట్టంలో పని చేస్తుంటాడు. ఎవరో నిచ్చెన తెస్తారు. అతను కొడవలి కింద పెట్టి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోతాడు. ఎందుకో అక్కడ చెప్పలేదు. పది పేజీల తర్వాత చంద్రకాంతమ్మ, కొడుకులిద్దరికీ వేరువేరు గిన్నెల్లో కూర పోస్తూ, ఒక్క మాట అంటుంది. ఆ మాటతో మెట్టు సంగతి తెలుస్తుంది. ఆ గిన్నెలతో తల్లి ఎవరో తెలుస్తుంది. అర్జునుడు అన్న పేరు ఇప్పుడు ఒక్కడికే ఉంది. ముసలివాళ్లు కూడా మునస్వామిని మునస్వామి అనే అంటున్నారు.

స్టెల్లా చివరి దాకా చదివింది. కట్ట మూసి జయచంద్ర దగ్గరికి వెళ్లింది.

"ఎట్లుండాది?"

"నేను సెప్పకూడదు సార్."

"అదేంది?"

"నాకు కత తెలిసిపోయింది. ఒకసారి తెలిసినాక తెలియనట్టు సదవలేను. ఇప్పుడు నాకు ఏడుపొచ్చింది. అది ఈ పుస్తకం వల్లనో, పోయినసారి సదివినందువల్లనో తెలీదు. మొదటిసారి సదవడం ఒక్కసారే కుదురుతాది."

లోహిత సగం తీర్పు చెప్పింది. మొదటి భాగం చదివిన మనిషిగా ఆమెకు ఎక్కడా విసుగు రాలేదు. నిచ్చెన సంగతి ఆమెకూ కొత్తే. మిగతా సగానికి ఏమీ తెలియని మనిషి కావాలి.

స్టెల్లా మనసులోకి శకుంతలమ్మ వచ్చింది. అలిపిరిలో నడక దారి మొదలయ్యే చోటికి కొంచెం ఇవతల టీ అంగడి. కొండ ఎక్కేవాళ్లు తగ్గిన గంటల్లో బల్ల కింది నుంచి వారపత్రిక తీసి చదువుకునే మనిషి. వెంకటముని పేరు వినలేదు. భారతం తెలుసు, మునస్వామి తెలియదు. ఇంకా ముఖ్యం, మొహమాటం లేదు.

"ఇది సదవాల పెద్దమ్మా. నీకు ఎవురన్నా తెలీకపోతే, వెనక్కి తిప్పాలనిపిస్తే, ఆ పేజీకి ఒక అగ్గిపుల్ల పెట్టు. అంతే."

"పరీచ్చనా నాకు?"

"నీకు కాదు. పుస్తకానికి."

"ఏం పుస్తకం? మొదట్నుంచీ ఉండాదా?"

"ఉండేది ఇదే," అంది స్టెల్లా. అబద్ధం కాదు. రెండో భాగమని చెప్పలేదు, అంతే.

ఎనిమిది రోజులు పట్టింది. కట్ట తిరిగొచ్చేసరికి అంచులకు టీ మరకలున్నాయి. స్టెల్లా వాటినే మొదట చూసింది. చివరి పేజీల దాకా ఉన్నాయి. అగ్గిపుల్ల ఒక్కటే ఉంది, అరవై ఒకటో పేజీలో. ఊరి పెద్ద ఒకతను పేరుతో వస్తాడు, ఎందుకు అందరూ అతనికి భయపడుతున్నారో లేదు. వెంకటముని ఫోనులోనే ఒక వాక్యం చెప్పాడు. మాను తెచ్చే హక్కు అతని ఇంటిదని. లోహిత అక్కడే ఎక్కించింది.

జయచంద్రకు తృప్తి కలగలేదు. "ఒక్క పుల్లంటే నమ్మేదెట్ల? మొగమాటానికి పెట్టకుండా ఉంటే?"

"మీరే అడగండి సార్."

అలా జూలై మొదటి మంగళవారం పదకొండు గంటలకు నలుగురూ అలిపిరి వెళ్లారు. వెంకటముని ఎవరో చెప్పొద్దని స్టెల్లా ముందే అంది. ఆయన చివరి బల్ల మీద, కండువా తల మీద వేసుకుని కూర్చున్నాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈ ఆడమనిషి నోట్లో నుంచి వచ్చే మాట మీదే పదకొండేళ్ల పని ఆధారపడి ఉంది.

జయచంద్ర గొంతు సవరించుకున్నాడు. "సదివినావా అమ్మా? యోగానంద ఎవురు?"

శకుంతలమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించింది.

"ఎవురేంది? తమ్ముడు. దొంగనాయాలు. కాదులే పాపం. వాడు ఆ పొద్దు మెట్లు సూసుంటే అన్న పడేవాడు కాదు. యాడికి పోయినాడో, ఏం రాచకార్యమో. అన్న కాలు పోయింది. వాడు అప్పట్నుంచి నిచ్చెన కంటబడితే పారిపోతాడు. పెద్దోడేమో ఇంట్లో అటక ఎక్కాలన్నా మెట్లు తడతాడు. ఇద్దురికీ ఒకటే రోగం. ఒకరికి తెలీకుండా ఒకరు. ఆ తల్లి సూడు, రెండు గిన్నెలు కడిగి కడిగి సచ్చింది."

"అర్జునుడు ఎవురు?"

"ఇప్పుడా, అప్పుడా? అప్పుడు మునస్వామి. ఇప్పుడు ఆ సైకిలోడు. ఆనక ఆ పిల్ల. ఏందప్పా, సదువుకున్నోడివి, నీకు అర్థం కాలేదా?"

లోహిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్టెల్లా చెవిలో అంది, "అక్కా, మెట్టు సంగతంతా మొదటి పుస్తకమే. ఒక్క ముక్క తప్పు పోలా."

జయచంద్ర ఇంకొకటి అడిగాడు. "చివర్లో యోగానంద వచ్చి మెట్లు తడతాడు గదా. అది..."

శకుంతలమ్మ గరిటె కింద పెట్టింది. మోకాళ్లు పట్టుకుని ఎక్కే ఒక పెద్దాయన టీ అడిగాడు. "ఉండప్పా," అంది ఆయన్ను చూడకుండా.

"వాడు తడతా ఉంటే నాకు ఇంట్లో పెద్దోడు తట్టిందే ఇనిపించింది. అదే సప్పుడు. అన్నదమ్ములు పన్నెండేండ్ల తరవాత మాట్లాడుకోని సచ్చేదేముండాది, అదే మాట. నేను ఆడ పుస్తకం మూసి పొయ్యి ఆర్పేసినా. గిరాకీ పోతే పోయిందనుకున్నా."

చివరి బల్ల మీద గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. వెంకటముని లేచాడు. కండువా భుజం మీదికి జారింది. దాని కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

శకుంతలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, నువ్వెందుకు ఏడస్తా ఉండావు? నువ్వూ సదివినావా?"

"రాసింది ఆయనే పెద్దమ్మా," అంది స్టెల్లా.

"నువ్వేనా?" శకుంతలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ ముసలి తల్లిని మాను దినానికి ముందే ఎందుకు సంపినావు? ఇంకో దినం బతికుంటే కొడుకులను సూసుకోనుండేది గదా! కనికరం ల్యా నీకు?"

వెంకటముని నవ్వాడు. నలభై ఏళ్లు వేషం కట్టిన మనిషి నవ్వు. కొండ దారి మొదట్లో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"వాళ్ల చిన్నతనం సంగతి ఇంకో పుస్తకంలో ఉండాదమ్మా," అన్నాడు. "ఇది రెండోది."

"రెండోదా!" శకుంతలమ్మ స్టెల్లా వైపు తిరిగింది. "సెప్పలేదే నువ్వు! సగం తెచ్చి అంతా అని ఇచ్చినావా? నాకు సగం అనిపించలేదే." గరిటె మళ్లీ అందుకుంది. "ఆ మొదటిది కూడా తేండి. వాళ్లు కలిసుండిన దినాలు సూడాల నేను."

స్టెల్లా జయచంద్రను చూసింది. మొదటి భాగం అవసరం లేకుండా రెండోది నిలబడాలి. అయినా మొదటిది కావాలనిపించాలి. రెండూ ఒకే మనిషి నోట వచ్చాయి. ఇరవై ఎనిమిదేళ్లలో ఇలా ఆమె వినడం ఇదే మొదలు.

జయచంద్ర టీ తాగాడు. నిదానంగా తాగాడు.

"వెయ్యి కాపీలు వేస్తా," అన్నాడు. "ఈ నెల్లోనే."

"మొదటిదో?" అంది శకుంతలమ్మ.

"దాని వెనకాలే అదీ."

"ఈయన్ని వదలొద్దప్పా," అంది వెంకటమునితో. "మాట మీద నిలబెట్టు."

వెంకటముని స్టెల్లా ముందుకు వచ్చాడు. చేతులు ఎత్తి మొక్కబోయాడు. ఆమె పట్టుకుని దించింది. "వద్దన్నా. పెద్దోడివి. టీ ఇంకోటి తాగుదాం."

జూలై ఆఖరులో వెయ్యి ప్రతులు బైండింగు నుంచి వచ్చాయి. జిగురు ఇంకా ఆరలేదు. స్టెల్లా ఒకటి తీసి తెరిచింది. మొదటి పేజీలో నిచ్చెన ఉంది. దానికి ముందు ఏమీ లేదు.